రెస్టారెంట్ కెప్టెన్ కావాలి: ప్రకటన ఎలా రాస్తే పనిమంతులు ఫోన్ చేస్తారు?

బెజవాడ ఏలూరు రోడ్డు మీదైనా, గుంటూరు అరండల్‌పేటలో అయినా, కెప్టెన్ కోసం పెట్టే ప్రకటనలు రెండే రకాలు. ఒకటి నాలుగు ముక్కల బోర్డు: "కెప్టెన్ కావలెను, అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం, మంచి జీతం". దీనికి ఫోన్లు బాగానే వస్తాయి కానీ చేసేవాళ్లలో చాలామంది ఎప్పుడూ ఆర్డర్ తీసుకున్నవాళ్లు కాదు. రెండోది ఏదో స్టార్ హోటల్ ప్రకటన చూసి దించినట్టుండే పేజీ: డిగ్రీ తప్పనిసరి, మూడు భాషలు అనర్గళంగా రావాలి, ఒత్తిడిలో పనిచేయాలి, టార్గెట్లు సాధించాలి. దీనికి అసలు ఫోన్లే రావు. వచ్చినా, మనకు కావాల్సినవాళ్ల దగ్గర్నుంచి రావు.

ఈ రెండింటి మధ్యలో మూడో పద్ధతి ఒకటుంది. పనినీ, వేళలనీ, భాషలనీ మన హోటల్లో రోజూ ఎలా జరుగుతాయో అలా రాయడం. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి నప్పుతుందో చూద్దాం.

ముందు, దేన్ని బట్టి ఎంచుకోవాలి?

మంచి కెప్టెన్ సాధారణంగా ఖాళీగా ఉండడు. ఇప్పటికే ఎక్కడో పనిచేస్తుంటాడు. మధ్యాహ్నం సర్వీసు అయ్యాక, షూ విప్పి, స్టాఫ్ రూమ్‌లో నడుం వాల్చి ఫోన్ చూసుకుంటున్నప్పుడు మన ప్రకటన అతని కంటపడుతుంది. అప్పుడు అతని మనసులో ఉండే ప్రశ్నలు మూడే. రాత్రి ఇంటికి ఎన్నింటికి వెళ్తాను? చేతికి ఎంతొస్తుంది? అక్కడ నేను ఎవరి మాట వినాలి, నా మాట ఎవరు వింటారు? ప్రకటన చదివాక ఈ మూడింటికీ జవాబు దొరకాలి. ఇది మొదటి కొలమానం.

రెండోది, కెప్టెన్ కావడానికి సిద్ధంగా ఉన్న సీనియర్ స్టీవార్డ్ "ఇది నాకు కాదులే" అని వెనక్కి తగ్గకూడదు. మన ఊళ్లలో నిలబడే కెప్టెన్లలో చాలామంది ఇలా కింద నుంచి పైకి వచ్చినవాళ్లే. మూడోది, పనికి సరిపోనివాళ్లు చదవగానే తమంతట తామే పక్కకు తప్పుకోవాలి. నాలుగోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. చేరిన మొదటి వారంలో అతనికి కొత్తగా తెలిసే చేదు నిజం ఏదీ మిగలకూడదు. దాచిన విషయం వల్ల పదో రోజున మానేసే మనిషి, అసలు రానివాడి కంటే ఎక్కువ నష్టం చేస్తాడు. ఒకసారి రాసిన ప్రకటన మళ్లీ రాయాలి, అతనికి నేర్పినదంతా మళ్లీ నేర్పాలి.

ఉదాహరణగా ఒక హోటల్

గాల్లో మాట్లాడితే లాభం లేదు కాబట్టి ఒక హోటల్ అనుకుందాం. విజయవాడ లబ్బీపేటలో ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్. 22 టేబుళ్లు, సుమారు 90 మంది కూర్చుంటారు. ఇద్దరు కెప్టెన్లు, ఆరుగురు స్టీవార్డులు, పైన ఒక ఫ్లోర్ మేనేజర్. బిర్యానీ, ఆంధ్ర కూరల మాస్టర్లు తెలుగువాళ్లు. తందూర్, చైనీస్ సెక్షన్లలో ఉన్నవాళ్లు ఒడిశా, బెంగాల్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతో మాటలన్నీ హిందీలోనే. ఈ హోటల్‌కి ఒక కెప్టెన్ కావాలి.

మొదటి పద్ధతిలో, అంటే బోర్డు తరహాలో, ప్రకటన ఇలా ఉంటుంది:

> కెప్టెన్ కావలెను. 3 నుంచి 5 ఏళ్ల అనుభవం. మంచి జీతం, భోజనం, వసతి కలదు. సంప్రదించండి.

రెండో పద్ధతి, హెచ్ఆర్ తరహా:

> ప్రముఖ మల్టీ క్యుజీన్ రెస్టారెంట్‌కు డైనమిక్ కెప్టెన్ కావలెను. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ తప్పనిసరి. ఇంగ్లిష్, హిందీ, తెలుగు అనర్గళంగా మాట్లాడాలి. ఫ్లెక్సిబుల్ టైమింగ్స్. సేల్స్ టార్గెట్లు సాధించగలగాలి. మేనేజ్‌మెంట్ అప్పగించే ఇతర పనులన్నీ నిర్వర్తించాలి.

మూడో పద్ధతి పూర్తి పాఠం చివర్లో ఇస్తాను. ముందు షిఫ్ట్, భాష, పని అనే మూడు చోట్ల ఈ పద్ధతులు ఎలా తేడా పడతాయో చూడాలి.

షిఫ్ట్ గురించి రాసే ఒక్క వాక్యం

మన దగ్గర ఫ్యామిలీ రెస్టారెంట్ అంటే దాదాపుగా బ్రేక్ షిఫ్టే. పొద్దున 11 నుంచి 3.30 వరకు, మళ్లీ సాయంత్రం 6.30 నుంచి రాత్రి 11 వరకు. లెక్క వేస్తే రెండు పూటలా నాలుగున్నర గంటలు, మొత్తం తొమ్మిది. అందులో రెండు భోజనాలకు అరగంట చొప్పున తీసేస్తే పని ఎనిమిది గంటలు, ఆరు రోజులకు 48. వారానికి 48 గంటలన్నది చట్టం పెట్టిన హద్దు కూడా. అంటే ఈ షిఫ్ట్‌లో దాచుకోవాల్సినంత తప్పేమీ లేదు. అయినా ప్రకటనల్లో దీన్ని దాచేవాళ్లే ఎక్కువ.

బోర్డు తరహాలో షిఫ్ట్ ఊసే ఉండదు. దాంతో ఫోన్ చేసిన ప్రతివాడూ మొదట అడిగేది "టైమింగ్స్ ఏంటండీ?" అనే. హెచ్ఆర్ తరహాలో "ఫ్లెక్సిబుల్ టైమింగ్స్" అని ఉంటుంది. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నాలుగేళ్లు ఫ్లోర్ మీద నిలబడిన మనిషి ఆ మాటను "ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి, ఎప్పుడు పంపితే అప్పుడు వెళ్లాలి" అని చదువుకుంటాడు. "రొటేషనల్ షిఫ్ట్స్" కూడా అంతే. ఏ వారం ఏ షిఫ్టో ఎప్పుడు చెప్తారు అన్నది అందులో లేదు.

గంటలు అంకెల్లో రాయండి. బ్రేక్ ఉంటే బ్రేక్ అనే రాయండి. ఆపైన ఇంకో మాట కలపాలి, దాన్ని చాలామంది మర్చిపోతారు: ఆ మూడు గంటలు మనిషి ఎక్కడ ఉంటాడు? పటమటలోనో మొగల్రాజపురంలోనో ఉండేవాడు ఇంటికెళ్లి కాసేపు పడుకుని వస్తాడు. మంగళగిరి నుంచో గుంటూరు నుంచో వచ్చేవాడు వెళ్లలేడు. అతనికి హోటల్లో ఫ్యాన్ కింద పడుకునే చోటు ఉందా, లేక ఖాళీ టేబుళ్ల దగ్గర కుర్చీలు జోడించుకుని నడుం వాల్చాలా? "బ్రేక్‌లో విశ్రాంతికి గది ఉంది" అనే నాలుగు మాటలు బ్రేక్ షిఫ్ట్ మీద ఉండే భయాన్ని సగం తగ్గిస్తాయి. గది లేకపోతే మాత్రం ఉందని రాయకండి, మొదటి మధ్యాహ్నమే బయటపడుతుంది.

రాత్రి 11 అని రాసి 12 దాకా ఉంచడం ఇంకో పెద్ద జబ్బు. శని, ఆదివారాల్లో చివరి టేబుల్ లేచేసరికి 11.45 అవుతుందంటే అదే రాయండి: "శని, ఆదివారాల్లో 11.45 దాకా ఉండవచ్చు, ఆ అదనపు సమయానికి ఓటీ". ఇది చదివి భయపడేవాడు ఎలాగూ నిలవడు. నిలిచేవాడికి ఇది భరోసా, ఎందుకంటే అతను ఇప్పుడు పనిచేసే చోట ఆ ముప్పావు గంటకు లెక్కే ఉండకపోవచ్చు.

సెలవు విషయంలోనూ అంతే. వీక్లీ ఆఫ్ శని, ఆదివారాల్లో ఇవ్వలేమని ఈ రంగంలో అందరికీ తెలుసు, ఆ మాట రాస్తే ఎవరూ నొచ్చుకోరు. బెజవాడకు ప్రత్యేకంగా దసరా ఉంది. ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తే ఆ రోజుల్లో ఆఫ్ రోజు మారుతుందని ముందే చెప్పాలి. సంక్రాంతికి ఊరెళ్లాలని ప్రతివాడికీ ఉంటుంది. ఇద్దరు కెప్టెన్లు ఉన్నచోట "దసరాకు ఒకరు, సంక్రాంతికి ఒకరు ముందుగా సెలవు ఎంచుకుంటారు" అని పెట్టుకోగలిగితే, అది జీతంలో వెయ్యి పెంచినంత పనిచేస్తుంది. జీతం పెంచలేని ఓనర్లకు ఈ సలహా మరీ మరీ చెప్తాను.

స్ట్రెయిట్ షిఫ్ట్ ఇవ్వగలిగితే అంతకంటే మంచిదా? అభ్యర్థులకు అవును, ముఖ్యంగా పిల్లలున్న ఆడవాళ్లకు. కానీ 22 టేబుళ్ల హోటల్లో మధ్యాహ్నం 4 నుంచి 6 దాకా ఇద్దరు ముగ్గురు గెస్టులే ఉంటారు. అప్పుడు ఇద్దరు కెప్టెన్లకూ జీతం ఇచ్చి నిలబెట్టడం కుదరదు. మధ్యేమార్గంగా ఒకరికి బ్రేక్, ఒకరికి స్ట్రెయిట్ ఇచ్చి వారం వారం మార్చుకోవచ్చు. అలా చేసేటట్టయితే "వచ్చే వారం షిఫ్ట్ ప్రతి శుక్రవారం చెప్తాం" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఇదీ "రొటేషనల్" లాగే వినిపిస్తుంది.

భాషలు: ఇక్కడే మంచివాళ్లు జారిపోతారు

"ఇంగ్లిష్ అనర్గళంగా మాట్లాడాలి" అన్న వాక్యాన్ని ఎవరు చూసి ఆగిపోతారో ఒక్కసారి ఆలోచించండి. తెనాలి నుంచో బందరు నుంచో వచ్చి, ఇంటర్‌తో చదువు ఆపేసి, ఎనిమిదేళ్లుగా హోటళ్లలో పనిచేస్తున్న మనిషి. మెనూలో ప్రతి ఐటమ్ పేరూ అతనికి ఇంగ్లిష్‌లో నోటికి వచ్చు. "సర్, ట్వెల్వ్ మినిట్స్ ఫర్ తందూరీ" అని తడుముకోకుండా చెప్తాడు. కానీ "ఇంగ్లిష్ వచ్చా?" అని ఎవరైనా అడిగితే "రాదండీ" అంటాడు. అతని లెక్కలో ఇంగ్లిష్ రావడమంటే టీవీలో న్యూస్ చదివినట్టు మాట్లాడటం. అదే వాక్యాన్ని చూసి నిన్ననే కాలేజీ నుంచి బయటికొచ్చిన కుర్రాడు నదురూ బెదురూ లేకుండా ఫోన్ చేస్తాడు. అతనికి ఇంగ్లిష్ వచ్చు. ఆరు టేబుళ్లు ఒకేసారి నిండితే ఏది ముందు చూడాలో మాత్రం రాదు. జల్లెడ పట్టిందేమో గానీ, గింజ కింద పడి పొట్టు పైన మిగిలింది.

బోర్డు తరహాలో భాష మాటే ఉండదు, లేదా "భాషలు తెలిసినవారికి ప్రాధాన్యం" అని ఉంటుంది. దానివల్ల ఎవరూ భయపడరు, నిజమే. కానీ గుంటూరులో మిర్చి కొనుగోలుకు ఉత్తరాది నుంచి వచ్చిన వ్యాపారి టేబుల్ ముందు హిందీ ఒక్క ముక్క రాని కెప్టెన్ నిలబడితే, స్టీవార్డ్‌ని పిలిచి మాట్లాడించాల్సి వస్తుంది. అప్పుడు ఆ టేబుల్‌కి కెప్టెన్ ఎవరు?

అందుకే భాష పేరూ స్థాయీ రాయడం కంటే, ఆ భాషతో ఏ పని జరగాలో రాయడం మేలు. మన లబ్బీపేట హోటల్‌కి ఒక్కో భాషను చూద్దాం.

ఇంగ్లిష్‌తో పని నాలుగు చోట్ల ఉంటుంది. మెనూ చదివి, ఐటమ్‌లో ఏముందో క్లుప్తంగా చెప్పడం. ఎంత సేపు పడుతుందో చెప్పడం. కిచెన్‌కి వెళ్లే ఆర్డర్ చీటీలోనో, అంటే కేఓటీలోనో, ట్యాబ్‌లోనో "ఉల్లి వద్దు", "కారం తక్కువ" లాంటి గమనికలు తప్పు లేకుండా ఎక్కించడం. జీడిపప్పు, వేరుశనగ లాంటివి పడనివాళ్లు అడిగితే అర్థం చేసుకోవడం. ఇంతే. దీన్ని ప్రకటనలో "ఇంగ్లిష్ మెనూ చదివి గెస్టుకు వివరించగలగాలి, కేఓటీ ఇంగ్లిష్‌లో రాయగలగాలి, వ్యాకరణం పట్టించుకోము" అని రాస్తే సరిపోతుంది. ఆఖరి రెండు మాటలు తీసేయకండి, తెనాలి మనిషి చేత ఫోన్ చేయించేవి అవే.

హిందీ విషయంలో చాలామంది గెస్టుల గురించే ఆలోచిస్తారు. ఈ హోటల్లో అసలు అవసరం లోపల, పికప్ కౌంటర్ దగ్గర. "ఛే నంబర్ కా నాన్ కిత్నీ దేర్?" అని అడగడం రాకపోతే, జవాబు అర్థం కాకపోతే, కెప్టెన్ గెస్టుకు అబద్ధం చెప్పాల్సి వస్తుంది. కాబట్టి "తందూర్, చైనీస్ మాస్టర్లతో హిందీలో ఆర్డర్ మాట్లాడగలగాలి" అని రాయండి. ఇలా రాస్తే వచ్చీరాని హిందీతో పనిచేస్తున్నవాడికి కూడా ధైర్యం వస్తుంది, ఎందుకంటే అతను రోజూ చేసేది అదే. కిచెన్ మొత్తం తెలుగువాళ్లే అయితే ఈ షరతే ఎత్తేయండి. అలవాటుగా పెట్టిన షరతు వల్ల పోగొట్టుకునేది మనమే.

తెలుగు గురించి ఎవరూ రాయరు, అది ఎలాగూ వస్తుందిలే అనుకుంటారు. ఇప్పుడు బెజవాడలో ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చి ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్టీవార్డులు తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవలేరు. కేఓటీ ఇంగ్లిష్‌లోనే ఉన్నప్పుడు తెలుగు చదవడం దేనికి? "తెలుగు మాట్లాడితే చాలు, చదవడం రాయడం తప్పనిసరి కాదు" అన్న వాక్యంతో ఒక కొత్త తలుపు తెరుచుకుంటుంది. అయితే మాట్లాడటంలో మాత్రం రాజీ పడకండి. పెద్దాయన ఒకరు భోజనానికి వచ్చి "గోంగూర మటన్‌లో కాస్త కారం తగ్గించండి బాబూ" అంటే, గ్రేవీ పొద్దునే చేసి పెట్టేశారు కాబట్టి అందులో తగ్గించలేమని, ఫ్రై అయితే అప్పటికప్పుడు చేస్తారు కాబట్టి దాంట్లో తగ్గించవచ్చని, ఆయన నొచ్చుకోకుండా తెలుగులో చెప్పగలగాలి. కెప్టెన్ పనిలో కష్టమైన భాగం ఇలాంటి మాటలే.

ఇంకో సంగతి. ప్రకటన ఏ భాషలో రాశామన్నది కూడా ఒక పరీక్షే, మనం అనుకోకుండా పెట్టే పరీక్ష. మొత్తం ఇంగ్లిష్‌లో రాసి, లోపల "ఇంగ్లిష్ పెద్దగా రాకపోయినా పర్లేదు" అంటే ఆ మాట చేరాల్సినవాడికి చేరదు. గోడ మీదా, వాట్సాప్ స్టేటస్‌లోనూ తెలుగులో పెట్టండి. జాబ్ పోర్టల్‌లో ఇంగ్లిష్‌లో పెట్టాల్సి వస్తే పెట్టండి, రెండింటిలో షరతులు మాత్రం ఒకటే ఉండాలి.

ఇంటర్వ్యూ కూడా ప్రకటనకు తగ్గట్టే జరగాలి. "ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్" అని మొదలుపెడితే రాసిందంతా వృథా. మెనూ చేతికిచ్చి, మీరే గెస్టుగా కూర్చుని ఆర్డర్ ఇవ్వండి. మధ్యలో ఒక ఐటమ్ మార్చండి, ఒకదాంట్లో కారం తక్కువ అనండి. చివర్లో అతను ఆర్డర్ మొత్తం తిరిగి చదివి వినిపిస్తాడా లేదా చూడండి. అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

పనులు: ఎన్ని రాయాలి?

కెప్టెన్ పనులన్నీ రాయడం మొదలుపెడితే ఇరవై అవుతాయి. బ్రీఫింగ్, సైడ్ స్టేషన్ సర్దించడం, టేబుల్ ఇవ్వడం, ఆర్డర్, కేఓటీ, పికప్, బిల్లు, ఫిర్యాదులు, స్టీవార్డులకు నేర్పడం, క్లోజింగ్ లెక్క. అన్నీ పెడితే జీతం ఒకరిది, పని ముగ్గురిది అన్న భావన వస్తుంది. "ఇతర పనులన్నీ" అని ముగిస్తే అది ఖాయమైపోతుంది. అలాగని "ఆల్‌రౌండర్ కావలెను" అంటే, క్యాష్ కౌంటర్ నుంచి పార్శిల్ దాకా అన్నీ నీవే అని అర్థం.

నాలుగైదు పనులు రాసి, వాటి హద్దులు చెప్పడం మంచిది. ఎన్ని టేబుళ్లు, ఎంతమంది స్టీవార్డులు, పైన ఎవరు అన్నవి అంకెల్లో ఉండాలి. మన హోటల్లో 11 టేబుళ్లు, ముగ్గురు స్టీవార్డులు, పైన ఫ్లోర్ మేనేజర్. రష్‌లో కెప్టెన్ కూడా ప్లేట్లు తీయాలన్నది నిజం, దాన్ని దాచకూడదు. "రష్‌లో సర్వీసులో చెయ్యి వేయాలి, క్లీనింగ్‌కి వేరే మనుషులు ఉన్నారు" అంటే రెండు వైపులా నిజం చెప్పినట్టవుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు అడగకుండా మనసులో పెట్టుకునే భయం ఒకటుంది: కోతలు. తప్పు కేఓటీ పడితే ఆ ఐటమ్ డబ్బు ఎవరు కట్టాలి? బిల్లు కట్టకుండా గెస్టు వెళ్లిపోతే? చాలాచోట్ల అది కెప్టెన్ జీతంలోంచే పోతుంది. మీ దగ్గర అలాంటి కోత లేకపోతే అది గొప్ప ఆకర్షణ, ప్రకటనలో తప్పకుండా రాయండి. ఉంటే, ప్రకటన రాయడానికి ముందే ఆ పద్ధతి మార్చుకోవడం గురించి ఆలోచించండి.

జీతం సంగతి క్లుప్తంగా. "ఆకర్షణీయమైన జీతం" అన్నది ఎవరినీ ఆకర్షించదు, ఒక శ్రేణి రాయండి. 20,000 అంటే పీఎఫ్, ఈఎస్ఐ, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా చేతికి సుమారు 18 వేలు వస్తుందని కూడా రాస్తే మొదటి నెలాఖరున గొడవ ఉండదు. సర్వీస్ చార్జ్‌లో వాటా అని ఆశ పెట్టకండి. దాన్ని హోటల్ తనంతట తాను బిల్లులో కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. టిప్స్ అందరికీ ఎలా పంచుతారో చెప్తే చాలు.

మూడూ పక్కపక్కన

| దేన్ని చూడాలి | బోర్డు తరహా | హెచ్ఆర్ తరహా | ఉన్నదున్నట్టు తరహా |
|---|---|---|---|
| రాయడానికి పట్టే సమయం | అయిదు నిమిషాలు | ఎక్కడో చూసి దించితే పది నిమిషాలు | మేనేజర్‌తో కూర్చుంటే ఒక పూట |
| షిఫ్ట్ | ఉండదు | "ఫ్లెక్సిబుల్" | గంటలు, బ్రేక్, ఆఫ్, ఓటీ |
| భాష | ఉండదు | "అనర్గళంగా" | ఏ భాషతో ఏ పని |
| ఎవరు ఫోన్ చేస్తారు | అందరూ | డిగ్రీ ఉన్న కొత్తవాళ్లు | పనిలో ఉన్న కెప్టెన్లు, సీనియర్ స్టీవార్డులు |
| ఎవరు జారిపోతారు | మారాలా వద్దా అని ఊగేవాళ్లు | చదువు తక్కువ, పని ఎక్కువ వచ్చినవాళ్లు | బ్రేక్ షిఫ్ట్ పడనివాళ్లు |
| చేరాక చిక్కు | టైమింగ్స్ మీద గొడవ | పని మీద నిరాశ | రాసింది తప్పకుండా పాటించాలి |

చివరి గడి చూసి కొందరు ఓనర్లు వెనకాడతారు. రాతలో పెడితే రేపు దాన్ని చూపించి అడుగుతారని. అడుగుతారు, నిజమే. పాటించలేనిది రాయొద్దని అందుకే అన్నాను.

ఎవరికి ఏది?

రేపు ఆదివారానికి మనిషి కావాలి, ఉన్న కెప్టెన్ చెప్పాపెట్టకుండా మానేశాడు అన్న పరిస్థితిలో బోర్డు తరహానే పెట్టండి, తప్పులేదు. కానీ అందులో షిఫ్ట్ గంటలు, జీతం అంకె ఇరికించండి. ఫోన్లు తగ్గుతాయి, పనికొచ్చేవి మిగులుతాయి.

రూములు, బ్యాంక్వెట్ ఉన్న పెద్ద హోటల్ అయితే, విమానం దిగి నేరుగా వచ్చే గెస్టులతోనూ, సెక్రటేరియట్ నుంచి వచ్చే అధికారులతోనూ పని ఉంటుంది. అక్కడ ఇంగ్లిష్‌లో సంభాషణ నిజంగానే కావాలి, కాబట్టి హెచ్ఆర్ తరహా కొంత నప్పుతుంది. అప్పుడైనా "అనర్గళంగా" బదులు "ఇంగ్లిష్‌లో గెస్టు ఫిర్యాదు విని, జవాబు చెప్పగలగాలి" అనండి. డిగ్రీ "తప్పనిసరి" బదులు "డిగ్రీ లేదా నాలుగేళ్ల ఫ్లోర్ అనుభవం" అనండి.

కొత్తగా తెరుస్తున్న హోటల్‌కి ఉన్నదున్నట్టు రాయడం కష్టం, ఎందుకంటే అక్కడ ఇంకా ఏదీ లేదు. అనుకున్న గంటలు రాసి, "మొదటి రెండు నెలలు మార్పులు ఉండవచ్చు, వారానికి 48 గంటలు దాటితే ఓటీ" అని చెప్పడమే దారి.

ఆడవాళ్లను కెప్టెన్లుగా తీసుకోవాలనుకునేవాళ్లు "మహిళలూ అప్లై చేయవచ్చు" అని మర్యాద కోసం రాసి ఊరుకుంటే ఎవరూ రారు. రాత్రి ఎన్నింటికి వదులుతారు, ఇంటికి ఎవరు చేరుస్తారు, యూనిఫాం మార్చుకోవడానికి వేరే గది ఉందా అన్నవి రాస్తేనే వస్తారు.

లబ్బీపేట హోటల్ ప్రకటన, పూర్తిగా

> రెస్టారెంట్ కెప్టెన్ కావాలి (ఒకరు) – లబ్బీపేట, విజయవాడ
>
> 22 టేబుళ్ల ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్. మీ సెక్షన్‌లో 11 టేబుళ్లు, ముగ్గురు స్టీవార్డులు. మీ పైన ఫ్లోర్ మేనేజర్.
>
> పని: గెస్టును కూర్చోబెట్టి ఆర్డర్ తీసుకోవడం, కేఓటీ ఎక్కించి కిచెన్‌తో సమయం చూసుకోవడం, టేబుల్ దగ్గర ఫిర్యాదు వస్తే ముందు మీరే మాట్లాడటం, బిల్లు ఇప్పించడం, కొత్త స్టీవార్డులకు నేర్పడం. రష్‌లో సర్వీసులో చెయ్యి వేయాలి. క్లీనింగ్‌కి వేరే మనుషులు ఉన్నారు. తప్పు కేఓటీకి జీతంలో కోత లేదు.
>
> వేళలు: ఉదయం 11 – 3.30, సాయంత్రం 6.30 – 11. బ్రేక్‌లో విశ్రాంతికి గది ఉంది. శని, ఆదివారాల్లో 11.45 దాకా ఉండవచ్చు, దానికి ఓటీ. వారంలో ఒక రోజు ఆఫ్ (సోమ నుంచి గురు లోపు). దసరా రోజుల్లో ఆఫ్ రోజు మారుతుంది.
>
> భాషలు: తెలుగు బాగా మాట్లాడాలి, చదవడం రాయడం తప్పనిసరి కాదు. ఇంగ్లిష్ మెనూ చదివి వివరించగలగాలి, కేఓటీ రాయగలగాలి, వ్యాకరణం పట్టించుకోము. తందూర్, చైనీస్ మాస్టర్లతో హిందీలో ఆర్డర్ మాట్లాడగలగాలి.
>
> ఎవరు రావచ్చు: కెప్టెన్‌గా ఏడాది, లేదా స్టీవార్డ్‌గా మూడేళ్లు చేసినవారు. ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా. డిగ్రీ అక్కర్లేదు.
>
> జీతం: 20,000 – 23,000, అనుభవాన్ని బట్టి. 20,000కి చేతికి సుమారు 18,000. రెండు పూటలా భోజనం. టిప్స్ ఫ్లోర్ స్టాఫ్ అందరికీ వారం వారం సమానంగా.
>
> ఫోన్: మధ్యాహ్నం 3.30 – 6 మధ్య చేయండి.

ఫోన్‌లో చదవడానికి ఇది కాస్త పొడవే. వాట్సాప్ స్టేటస్‌కి అయితే వేళలు, భాషలు, జీతం ఉన్న మూడు పేరాలు ఉంచి, మిగతాది అడిగినవాళ్లకు పంపండి. తగ్గించేటప్పుడు పనుల పేరా తీసేసినా పెద్ద నష్టం లేదు. కెప్టెన్ పనేంటో కెప్టెన్‌కి తెలుసు.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

ఫోన్ చేసినవాళ్లు మొదట అడిగే ప్రశ్నను ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. "టైమింగ్స్ ఏంటి?" అని వరుసగా వస్తుంటే వేళల వాక్యం కనిపించేలా లేదని అర్థం, పైకి జరపండి. "నాకు ఇంగ్లిష్ అంత రాదండీ, పర్లేదా?" అని వస్తుంటే కంగారు పడకండి, అలా అడిగేవాళ్లు వస్తున్నారంటే భాష వాక్యం పనిచేస్తున్నట్టే. అందరూ కొత్తవాళ్లే చేస్తుంటే అనుభవం షరతు మరీ కిందికి పోయింది. చాలామంది చూశారని తెలిసినా ఎవరూ చేయకపోతే, ముందు జీతం అంకెనీ, తర్వాత రాత్రి వదిలే వేళనీ అనుమానించండి. పక్క వీధి హోటల్లో ఆ రెండూ ఎంతున్నాయో అక్కడి స్టీవార్డ్‌తో టీ తాగుతూ అడిగితే చెప్తాడు.

ప్రకటన పెట్టే వేళ కూడా చూసుకోండి. ఫ్లోర్ మీద ఉన్నవాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చూడడు, రాత్రి తొమ్మిదికి అసలు చూడడు. మూడున్నర తర్వాత పెట్టండి. ఆ వేళకు మన ఓనర్లలో చాలామంది భోంచేసి కునుకు తీస్తుంటారు కాబట్టి, ఫోన్ ఎత్తడానికి, ఎత్తి ప్రకటనలో ఉన్న అంకెలే మళ్లీ చెప్పడానికి, ఒక మనిషిని ముందే కూర్చోబెట్టండి.